ప్రాజెక్టు డైరీ: నల్లగొండ ఎండల్లో, మేడమీద గదిలో 40 గిలకల ప్రింటింగు

ఒక పాఠశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలకు 40 గిలకలు (మా వైపు గిరకలంటారు) పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింటరు మీద ప్రింటు చేసి ఇవ్వడం ఈ పని. ఒక్కో గిలకకు 55 గ్రాముల ఫిలమెంటు, అంటే ప్లాస్టిక్ పోగు, 3 గంటల 20 నిమిషాల సమయం పడుతుంది. యంత్రం తెరిచిన చట్రం గలది. గిలక నిలిచే బెడ్డు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఫిలమెంటును నెట్టే మోటారు, కరిగిన ప్లాస్టిక్‌ను వదిలే నాజిల్ తలమీదనే ఉంటుంది. నాజిల్ వేడిని పైకి పోనివ్వని సన్నటి గొట్టం, అంటే హీట్ బ్రేక్, పూర్తిగా లోహంతో చేసినది. గది స్లాబు కిందనే ఉంది, పడమటి గోడకు మధ్యాహ్నం నుంచి ఎండ తగులుతుంది. జనవరిలో ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన సెట్టింగులే ఏప్రిల్‌లో వరుసగా విఫలమయ్యాయి. ఎక్కడ ఏ కొలత తీశానో, ఏది మార్చితే ఎంత తేడా వచ్చిందో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

దశ 1: ఏప్రిల్ 18 – 21, వైఫల్యాలు

మొదటి రెండు గిలకలను ఉదయం 6 గంటలకు మొదలుపెట్టాను, అవి బాగానే వచ్చాయి. తర్వాతి అయిదూ పగటిపూట వేసినవి. అయిదింటిలోనూ ఒకే లక్షణం కనిపించింది. మొదటి గంట, గంటన్నర వరకు పొరలు చక్కగా పడ్డాయి. తర్వాత గోడలు పలుచబడి జల్లెడలాగా తయారయ్యాయి, మోటారు దగ్గర టక్ టక్‌మని శబ్దం మొదలైంది, ఆఖరికి నాజిల్ ఖాళీగా గాలిలో తిరిగింది. గిలక ఆకుల దగ్గరికి, అంటే ఫిలమెంటు మాటిమాటికీ వెనక్కి లాగబడే చోటికి, వచ్చేసరికే ఇది జరగడం గమనించాను.

నాజిల్ మూసుకుపోయిందనుకొని మొదట రెండుసార్లు నాజిల్‌నే మార్చాను. అది పొరపాటు. నాజిల్‌లో చెత్త చేరితే ప్రింటు మొదటి పొర నుంచే సన్నగా వస్తుంది. గంట సేపు బాగా నడిచి ఆగిందంటే పైభాగాన్ని అనుమానించాలి. మూడోసారి ఫిలమెంటును బయటికి లాగి చూసినప్పుడు విషయం తెలిసింది. కొసకు దాదాపు 15 మిల్లీమీటర్ల పైన చిన్న ఉబ్బు ఉంది. వర్నియర్‌తో కొలిస్తే అక్కడ వ్యాసం 2.05 మిల్లీమీటర్లు, మిగతా పోగంతా 1.75 మాత్రమే. ఉబ్బు మీద, వేడిని గాలిలోకి వదిలే రెక్కల దిమ్మ అయిన హీట్ సింక్ లోపలి రంధ్రపు గీతలు అచ్చుపడి, మైనం ముద్రలాగా నున్నగా మెరుస్తున్నాయి. చల్లగా ఉండవలసిన భాగంలో పీఎల్‌ఏ మెత్తబడి, వెనక నుంచి వచ్చే ఒత్తిడికి అడ్డంగా ఉబ్బి, అక్కడే బిరడాలాగా బిగుసుకుందన్నమాట.

పీఎల్‌ఏ 55 నుంచి 60 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది. కరగడానికి అది ఇంకా చాలా దూరమే కానీ, నెట్టినప్పుడు కర్రలాగా నిటారుగా నిలిచే గుణం అక్కడే పోతుంది. నాజిల్ వేడి పైకి పాకకుండా సన్నటి హీట్ బ్రేక్, దానిమీది హీట్ సింక్, సింక్‌కు గాలి కొట్టే చిన్న ఫ్యాను ఆపుతాయి. ఆ ఫ్యాను పీల్చే గాలే వేడిగా ఉంటే ఈ ఏర్పాటంతా బలహీనపడుతుంది.

బిరడాను తీయడానికి నేను పాటించిన క్రమం ఇది:

1. నాజిల్‌ను 220 డిగ్రీలకు వేడిచేసి అయిదు నిమిషాలు ఆగాలి.
2. మోటారు పట్టును వదిలించి, ఫిలమెంటును చేత్తో మెల్లగా కిందికి నొక్కాలి.
3. కొద్దిగా కారడం మొదలయ్యాక 90 డిగ్రీలకు చల్లారనివ్వాలి.
4. ఒక్క ఊపులో పైకి లాగాలి. ఉబ్బు కూడా బయటికి రావాలి.
5. లాగిన ముక్కను కత్తిరించి, కొత్త కొసను ఏటవాలుగా కోసి ఎక్కించాలి.

*ఇప్పటివరకు: వేసినవి 7, పనికొచ్చినవి 2, పోయినవి 5, వృథా 140 గ్రాములు.*

దశ 2: ఏప్రిల్ 22 – 25, కొలతలు

గోడకు తగిలించిన ఉష్ణమాపకం మధ్యాహ్నం 3 గంటలకు 38 డిగ్రీలు చూపుతోంది. దానికీ 55 డిగ్రీలకూ మధ్య చాలా ఎడం ఉందనిపించి, వేడి కారణం కాదేమోనని కూడా ఒక దశలో అనుకున్నాను. గోడమీది అంకె ఈ పనికి ఉపయోగపడదని నాలుగు చోట్ల విడివిడిగా కొలిచాకే అర్థమైంది. ఆ రోజు బయట 43 డిగ్రీలుంది.

గది గోడ దగ్గర 38.
సింక్ ఫ్యాను గాలి పీల్చే చోట 41.5.
హీట్ సింక్ అట్టడుగు రెక్క మీద 54.
ఫిలమెంటు మోటారు ఒంటిమీద 68.

గోడకూ ఫ్యానుకూ మధ్య 3.5 డిగ్రీల తేడాకు కారణం నేనే చేసిన ఏర్పాటు. చలికాలంలో గాలి తగలకుండా యంత్రం చుట్టూ మూడు వైపులా అట్టపెట్టె నిలబెట్టాను. 60 డిగ్రీల బెడ్డు ఆ పెట్టెలోని గాలినంతా వేడిచేస్తోంది, ఫ్యాను ఆ గాలినే పీలుస్తోంది.

అదే ప్రింటును రాత్రి 2 గంటలకు నడిపి మళ్లీ కొలిచాను. ఫ్యాను దగ్గర 34, సింక్ మీద 46.5 వచ్చింది. పగలు తేడా 12.5 డిగ్రీలు, రాత్రి తేడా కూడా 12.5 డిగ్రీలే. ఈ డైరీలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిన సంగతి ఇది. నాజిల్ వేడి, ఫ్యాను గాలి మారనంత కాలం సింక్ తాను పీల్చే గాలికంటే ఒక స్థిరమైన మెట్టు పైన ఉంటుంది. కాబట్టి చేయగలిగినవి రెండే: ఆ మెట్టును తగ్గించడం, లేదా ఫ్యానుకు అందే గాలిని చల్లబరచడం. ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా సింక్ గాలికంటే చల్లగా మారదు.

సింక్ మీద 54 ఉన్నప్పుడు ప్రతి ప్రింటూ ఆగింది, 47 లోపు ఉన్నప్పుడు ఒక్కటీ ఆగలేదు, 50 దగ్గర ఒకసారి నడిచి ఒకసారి ఆగింది. సెన్సర్ రెక్కమీద ఉంటుంది, హీట్ బ్రేక్ మొదట్లో లోపలి ఫిలమెంటు దానికంటే ఇంకొన్ని డిగ్రీలు వేడిగా ఉంటుంది. అందుకే 55 రాకముందే పట్టేస్తుంది. నా యంత్రానికి 47 హద్దుగా పెట్టుకున్నాను. మరొక యంత్రంలో సెన్సర్ చోటు మారితే ఈ అంకె కూడా మారుతుంది.

సెన్సర్ కోసం సాధారణ 100 కిలోఓమ్‌ల థర్మిస్టర్‌ను వేడికి ఓర్చే టేపుతో అట్టడుగు రెక్కకు అంటించి, బోర్డులో ఖాళీగా ఉన్న థర్మిస్టర్ సాకెట్‌కు కలిపాను. యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ క్లిప్పర్‌లో రాసింది ఇది. పిన్ పేరు మాత్రం ఎవరి బోర్డును బట్టి వారు మార్చుకోవాలి.

```
[temperature_sensor heatsink]
sensor_type: Generic 3950
sensor_pin: PA0
min_temp: 0
max_temp: 100
```

ఇక్కడ ఒక తప్పు చేశాను. హద్దు దాటితే హెచ్చరిక వస్తుందనుకొని `max_temp` విలువను 50 గా పెట్టాను. అది హెచ్చరిక కాదు. ఆ విలువ దాటగానే యంత్రం మొత్తం ఆగిపోతుంది. మూడో గంటలో, ఇంకో ఇరవై నిమిషాల్లో పూర్తి కావలసిన గిలక అలాగే పోయింది. అందువల్ల దాన్ని 100 కు పెంచి, అంకెను తెరమీద చూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

*ఇప్పటివరకు: వేసినవి 11, పనికొచ్చినవి 3, పోయినవి 8, వృథా 215 గ్రాములు.*

దశ 3: ఏప్రిల్ 26 – 30, మెట్టును తగ్గించడం

అట్టపెట్టె తీసివేయగానే ఫ్యాను దగ్గరి గాలి 41.5 నుంచి 39.5 కు దిగింది. అయితే ఎండ పెరిగిన రోజుల్లో పెట్టె లేకున్నా అది మళ్లీ 41 దాటింది కనుక, దీన్ని సగం పరిష్కారంగానే లెక్కించాను. మిగతా మార్పులను ఒక్కొక్కటిగా చేసి, ప్రతిదాని తర్వాత అరగంట ప్రింటు నడిపి మెట్టును కొలిచాను.

1. సింక్ రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును మెత్తటి బ్రష్‌తో తీశాను. మెట్టు 12.5 నుంచి 11.5 కు తగ్గింది.
2. హీట్ బ్రేక్ పై మరలకు, అంటే సింక్ వైపున్న మరలకు మాత్రమే, థర్మల్ పేస్టు పలుచగా రాశాను. మెట్టు 10 కి తగ్గింది.
3. 10 మిల్లీమీటర్ల మందం గల ఫ్యాను తీసి, అదే 40 మిల్లీమీటర్ల కొలతలో 20 మిల్లీమీటర్ల మందం గలది బిగించాను. మెట్టు 8 కి తగ్గింది.

మూడో మార్పు చేసేవారు ఫ్యాను వోల్టేజిని చూసుకోవాలి. నా బోర్డు 24 వోల్టులది. పాత ఫ్యాను మీద రాసి ఉన్నదాన్ని చదివి అదే వోల్టేజి గలది కొన్నాను.

తర్వాత మోటారు సంగతి చూశాను. 68 డిగ్రీల మోటారు ఇరుసుమీదే ఫిలమెంటును నెట్టే పళ్లచక్రం ఉంటుంది కాబట్టి, ఆ వేడి చక్రం ద్వారా నేరుగా ఫిలమెంటుకు చేరుతుంది. ఈ లోపం గుర్తు వేరు: లాగిన ఫిలమెంటు కింద ఉబ్బి ఉండదు, చక్రం నొక్కిన చోట రిబ్బనులాగా చదునై ఉంటుంది. పోయిన వాటిలో రెండింటికి ఈ గుర్తు కనిపించింది. క్లిప్పర్‌లో ఆ మోటారు `run_current` విలువను 0.65 నుంచి 0.5 కు తగ్గించాను. మోటారులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, కొద్దిపాటి తగ్గింపు కూడా బాగా పనిచేస్తుంది, గాలి 41.5 ఉన్నప్పుడు 68 ఉన్న మోటారు 57 కు వచ్చింది. దీనివల్ల నెట్టే బలం తగ్గుతుందన్నది నిజమే. వేగంగా ప్రింటు చేసేవారు అంత తగ్గించకూడదు.

ఇవి కాక, నమూనాను పొరలుగా విడదీసి యంత్రానికి ఆదేశాలు రాసే స్లైసర్‌లో రెండు విలువలు మార్చాను. రిట్రాక్షన్‌ను 1.2 మిల్లీమీటర్ల నుంచి 0.6 కు తగ్గించాను, ఎందుకంటే వెనక్కి లాగిన ప్రతిసారీ మెత్తబడిన కొస చల్లటి భాగంలోకి వెళ్లి అక్కడ వేడిని వదులుతుంది. నాజిల్‌ను 215 నుంచి 205 కు దించాను. వేగాన్ని మాత్రం తగ్గించలేదు. ప్రింటు ఆగుతోందంటే వేగం తగ్గించాలని చాలామందికి అనిపిస్తుంది, నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఫిలమెంటు ఎంత నెమ్మదిగా కదిలితే పైకి పాకిన వేడి దానిలోకి ఎక్కడానికి అంత సమయం దొరుకుతుంది. చల్లటి ఫిలమెంటు నిరంతరం కిందికి దిగుతుంటే అదే కొంత వేడిని వెంట తీసుకుపోతుంది.

ఇంత చేసినా ఫ్యాను దగ్గర 41.5 ఉన్న మధ్యాహ్నాల్లో సింక్ 49.5 చూపింది. అయిదింటిలో రెండు పోయాయి. ఇక చల్లబరచవలసింది గదినే.

*ఇప్పటివరకు: వేసినవి 16, పనికొచ్చినవి 6, పోయినవి 10, వృథా 275 గ్రాములు.*

దశ 4: మే 1 – 5, కూలర్

ఏసీ పెట్టే స్తోమత ఈ పనికి లేదు కనుక, ఇంట్లో ఉన్న గడ్డి కూలర్‌ను గదిలోకి తెచ్చాను. దుమ్ము వస్తుందని తలుపూ కిటికీ రెండూ మూశాను. మొదటి గంటలో గది 38 నుంచి 33 కు దిగింది, తర్వాత మళ్లీ 35 కు ఎక్కింది. తేమ 22 శాతం నుంచి 74 శాతానికి చేరింది. ప్రింటు ఆగలేదు, కానీ నాజిల్ దగ్గర చిటపటలాడే శబ్దం వచ్చి, ఆకుల మధ్య బూజులాగా దారాలు పడ్డాయి. తెరిచి ఉంచిన రీలు తేమ పీల్చింది. ఆ తేమ నాజిల్‌లో ఆవిరై బుడగలు కట్టింది. పూర్తయిన రెండు గిలకలను తిప్పితే గాడిలో దారం సాఫీగా జరగలేదు, పక్కన పెట్టవలసి వచ్చింది.

గడ్డి మార్చడానికి వచ్చిన మెకానిక్ గదిలోకి అడుగుపెడుతూనే, “తలుపులు బందు పెట్టి కూలరేస్తే ఉడకబెట్టినట్టే అయితది సార్. వెనక కిటికీ తెర్వున్రి, ముందర గాలి బయటికి పోయే తోవ ఇయ్యున్రి” అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా సరైనది. నీరు ఆవిరయ్యేటప్పుడు తీసుకునే వేడే కూలర్ చల్లదనం. ఒకసారి తడిసిన గాలినే మళ్లీ తిప్పితే అందులో ఇక నీరు ఆవిరి కాదు. బయట 43 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్నప్పుడు తడిబట్ట చుట్టిన ఉష్ణమాపకం దాదాపు 25 చూపుతుంది. కూలర్ ఎంత మంచిదైనా అంతకంటే కిందికి పోదు. మామూలు గడ్డి కూలర్ ఆ 18 డిగ్రీల ఎడంలో మూడింట రెండు వంతులు దించగలదు, అంటే మూతి దగ్గర 31.

కూలర్‌ను కిటికీకి ఆనించి వీపు బయటికి ఉండేలా పెట్టి, ఎదుటి తలుపును జానెడు తెరిచాను. ఫ్యాను దగ్గరి గాలి 33.5 వద్ద నిలిచింది, సింక్ 41.5 కు వచ్చింది. తేమ మాత్రం 60 శాతానికి దిగువకు రాలేదు, కూలర్ ఉన్నంతసేపు రాదు కూడా. అందుకే రీలును రబ్బరు అంచు గల బియ్యం డబ్బాలో అరకిలో సిలికా జెల్‌తో పాటు ఉంచి, మూతకు రంధ్రం చేసి, పీటీఎఫ్‌ఈ గొట్టం ద్వారా ఫిలమెంటును నేరుగా యంత్రానికి అందించాను. అప్పటికే తడిసిన రీలును 45 డిగ్రీల డ్రయ్యర్‌లో ఆరు గంటలు ఉంచాను. చిటపట శబ్దం పూర్తిగా పోయింది.

కూలర్ గాలి నేరుగా బెడ్డుకు తగిలితే గిలక అంచులు లేస్తాయి. ఆ వైపు బెడ్డుకు అడుగు ఎడంగా అట్టను నిలబెట్టాను, ఎత్తు నాజిల్ తలకంటే తక్కువ. ఫ్యానుకు గాలి అందుతుంది, బెడ్డుకు తగలదు.

*ఇప్పటివరకు: వేసినవి 22, పనికొచ్చినవి 10, పోయినవి 12, వృథా 385 గ్రాములు.*

దశ 5: మే 6 – 17, స్లాబు, రాత్రి, జంటగా ప్రింటింగు

నాజిల్ మూసుకుపోవడం ఆగాక, ఇంతకాలం దాని చాటున ఉన్న మరో లోపం బయటపడింది. గిలక గాడి కిందివైపు, గాలిలో తేలే అంచు వంకరగా పైకి లేస్తోంది. పొర పడ్డాక దాన్ని గట్టిపరచేది పక్క ఫ్యాను గాలి. ఆ గాలి 28 డిగ్రీలుంటే, 55 దగ్గరున్న ప్లాస్టిక్‌కూ గాలికీ మధ్య ఎడం 27. గాలి 42 అయితే ఎడం 13 మాత్రమే. చివరి దశలో చల్లారే వేగం సగానికి పడిపోతుంది. మెత్తగా ఉన్న పొరమీదే తర్వాతి పొర వచ్చి పడుతుంది.

పొరకు కనీస సమయాన్ని పెంచితే స్లైసర్ వేగాన్ని తగ్గిస్తుంది. అది మళ్లీ వేడి పైకి పాకడానికి దారి ఇస్తుంది. ఈ రెండింటి మధ్య ఒక రోజంతా తడబడ్డాను. చివరికి రెండు గిలకలను ఒకేసారి పెట్టి, పొర తర్వాత పొర రెండింటిమీదా పడేటట్టు ప్రింటు చేశాను. ఒకదానిమీద నాజిల్ పనిచేస్తుండగా రెండోది ఆరుతుంది, ఫిలమెంటు వేగం తగ్గదు. అంచులు నిటారుగా వచ్చాయి. ఏదైనా జరిగితే రెండూ కలిసే పోతాయన్నది దీనిలోని నష్టం.

రెండింటికీ కలిపి 6 గంటల 40 నిమిషాలు పడుతుంది కనుక రాత్రిపూటను ఎంచుకున్నాను. అయితే స్లాబు కింద రాత్రి అంటే చీకటి పడటంతో మొదలు కాదు. ఇన్‌ఫ్రారెడ్ ఉష్ణమాపకంతో స్లాబు అడుగును గంటగంటకూ కొలిస్తే, అత్యధిక వేడి మధ్యాహ్నం కాక రాత్రి 7 గంటలకు, 44 డిగ్రీలుగా కనిపించింది. పగలంతా తాగిన ఎండను కాంక్రీటు ఆలస్యంగా లోపలికి వదులుతుంది. మే 8న స్లాబుపైన సున్నం రెండు పూతలు వేయించాను. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం ఆధారపడింది కూడా ఇదే సూత్రం మీద: తెల్లటి కప్పు ఎండను తిప్పికొడుతుంది. మూడు రోజుల తర్వాత అదే గంటకు స్లాబు అడుగు 39 చూపింది. ఆపై రాత్రి 10 గంటలకు జంటను మొదలుపెట్టి, తెల్లవారాక ఒక ఒంటి గిలకను వేసి, ఉదయం 10 గంటలలోపు యంత్రాన్ని ఆపివేశాను. ఒంటిగా వేసేటప్పుడు గాలి చల్లగా ఉంటుంది కనుక అంచుల ఇబ్బంది రాలేదు.

మే 11 రాత్రి 11 గంటలు కాకముందే కరెంటు పోయింది. నాజిల్ దిమ్మ 205 డిగ్రీల వద్ద ఉండగానే సింక్ ఫ్యాను ఆగిపోయింది. దిమ్మలోని వేడికి పైకి పాకడం తప్ప వేరే దారి లేదు. ఎనిమిది నిమిషాలకు కరెంటు వచ్చాక యంత్రం ఆగిన చోటినుంచే కొనసాగించింది కానీ, అప్పటికే బిరడా పడింది. రెండు గిలకలు పోయాయి. మర్నాడు యంత్రాన్ని ఇంటి ఇన్వర్టర్‌కు కలిపాను. బెడ్డు ఎక్కువ కరెంటు తాగుతుంది కాబట్టి మొదటి పొర 60 లో వేసి, తర్వాత 50 కి దించేటట్టు స్లైసర్‌లో మార్చాను. ఈ ఎండల్లో 50 లోనూ గిలక కదలకుండా అంటుకుంది, ఫ్యానుకు అందే గాలి కూడా మరో డిగ్రీ తగ్గింది.

*మొత్తం: వేసినవి 54, పనికొచ్చినవి 40, పోయినవి 14, వృథా 425 గ్రాములు.*

మే 18, అప్పగింత

దారాలు పడి పక్కన పెట్టిన రెండు గిలకల్లో ఒకదాన్ని ముందురోజు పరీక్ష కోసం స్కూటర్ డిక్కీలో వేసి, మధ్యాహ్నం రెండు గంటలు ఎండలో ఉంచాను. తీసి చూస్తే, పైన ఉన్న పానా బరువుకు ఒక వైపు వంగి ఉంది. ఇరుసు రంధ్రం అండాకారానికి తిరిగింది, 6 మిల్లీమీటర్ల ఊచ అందులోకి దిగలేదు. అందువల్ల 40 గిలకలనూ ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలువుగా సర్ది, ఉదయం 8 గంటలకే పాఠశాలకు చేర్చి, వాటిని కిటికీ పక్కన కాక లోపలి గోడ అల్మారాలో పెట్టమని ప్రయోగశాల సహాయకునికి చెప్పి వచ్చాను.